అమ్మీ ఫోన్‌లో జీవన్ ప్రమాణ్

ఈ సంచికకు ఏదైనా పాఠంలాంటిది రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. ముప్పై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను కాబట్టి, కిందటి నవంబరులో నా కళ్ళముందు జరిగిన ఒక పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాను. అది చెప్పింది నేను కాదు. తొమ్మిది, పది తరగతులు నా దగ్గర చదివి, ఇప్పుడు షార్జాలో పైపు ఫిట్టరుగా పనిచేస్తున్న ఒక కుర్రాడు. నేర్చుకున్నది వాళ్ళమ్మ.

ఆమెది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లె. భర్త రైల్వేలో ట్రాక్ మీద పనిచేసి, నౌపడ జంక్షన్‌లో ఉండగా రిటైరయి, కొన్నేళ్ళకు పోయారు. అప్పటినుంచి ఆమెకు ఫ్యామిలీ పింఛను వస్తోంది. పింఛను ఖాతా టెక్కలిలో ఉంది. ఊరి నుంచి ఆటోలో పలాస, అక్కడి నుంచి బస్సులో టెక్కలి, అంటే పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి గాని పని కాదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరు 1 నుంచి 30 లోగా తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఎనభై దాటినవారైతే అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. రైల్వే పింఛనుకూ ఇదే పద్ధతి.

అంతకుముందు ఏడాది ఆమె టెక్కలి వెళ్ళి వేలిముద్ర వేస్తే పడలేదు. పెళ్ళికి ముందూ, భర్త పోయాకా ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడితొక్కలోని నూనె చర్మాన్ని ఎలా తినేస్తుందో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా వేళ్ళ కొసలు నున్నబడిపోతాయి. మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా రాలేదు, తర్వాత రమ్మన్నారు. మళ్ళీ వెళ్దామనుకునేలోగా నవంబరు దాటిపోయింది. నవంబరు పింఛను మామూలుగానే పడింది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. డిసెంబరుది ఆ నెలాఖరున పడాలి. జనవరి మొదట్లో మందులకు డబ్బు తీయబోతే ఖాతాలో లేదు. పత్రం ఇచ్చాక బకాయితో సహా వచ్చిందనుకోండి, కాని ఆ మధ్య రోజులు తమ్ముడి దగ్గర అప్పుతో గడిచాయి. ఇక ఆ తిరుగుడు వద్దు, ముఖం చూపించి ఫోన్‌లోనే చేసేద్దామని కొడుకు పట్టుబట్టాడు.

జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. మొదట్లో వేలిముద్రకో కంటిపాపకో ప్రత్యేక పరికరం కావలసి వచ్చేది. 2021 నవంబరు నుంచి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ముందు కెమెరాతో ముఖం చూపించి చేసుకునే వీలు కల్పించారు. ఆమెలాంటి వేళ్ళున్నవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చే దారి.

ఎదురుగా కూర్చుని చేయించే పనిని దూరం నుంచి చేయించడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ మాట్లాడనివ్వరు. రాత సందేశాలు, మాట రికార్డు చేసి పంపేవీ మాత్రం వెళతాయి. పైగా మన గడియారం వాళ్ళకన్నా గంటన్నర ముందు. ఇంట్లో మంచి వెలుతురు ఉండే తొమ్మిది గంటలకు అక్కడ ఏడున్నర. అప్పటికి కుర్రాడు పనిలో ఉంటాడు, ఫోన్ లాకరులో ఉంటుంది. అంటే అతను పంపే సందేశం అతను లేకుండానే పనిచేయాలి. తల్లి ఎక్కడైనా ఆగిపోతే "ఇదేటి?" అని అడగడానికి అవతల ఎవరూ ఉండరు. ఉత్తరంలో పాఠం చెప్పడం ఎంత కష్టమో బి.ఇడి. చదివిన రోజుల్లో పుస్తకాల్లో చదివాను. ఇక్కడ కళ్ళారా చూశాను.

ఇంట్లో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకుంటారు, కాని ఆమెకు చదవడం వచ్చింది తెలుగే. అందుకే అతను తెలుగులో రాశాడు. అతని అనుమతితో ఆ సందేశాన్ని భాగాలుగా ఇక్కడ పెడుతున్నాను. అక్షరదోషాలు మాత్రం దిద్దాను, మాస్టారి బుద్ధి పోదు.

"అమ్మీ, ఈ పని శనివారం పొద్దున నాష్తా అయ్యాక చెయ్యి. ముందు ఇవి దగ్గర పెట్టుకో. ఆధార్ కార్డు, అబ్బా పింఛను కాగితం, ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్ చార్జింగ్ నిండా ఉండాలి. ఒక్కో మెసేజ్‌లో ఒక్క పనే రాశాను. ఆ పని అయ్యాక నాకు బొటనవేలు బొమ్మ పెట్టి, తర్వాతది చదువు. అది అవ్వకుండా కింది మెసేజ్‌కి వెళ్ళకు."

ఇక్కడే అతను మంచి పని చేశాడు. మొదట మొత్తం ఒకే సందేశంగా రాశాడట. తర్వాత తనే ముక్కలు చేశాడు. ఫోన్ ఒక్కటే కదా, అందులోనే సందేశం చదవాలి, అందులోనే ఫారం నింపాలి. పొడుగు సందేశమైతే ఫారం నుంచి వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఎక్కడ చదువుతున్నామో వెతుక్కోవాలి. బొటనవేలు పెట్టిన చోటే ఆమెకు గుర్తు. చివరికి ఆమె ఇంకో సంగతి కనిపెట్టింది. పక్కింటి పిల్ల చేత సందేశాలన్నీ నోటుబుక్కులో రాయించుకుంది.

"Play Store తెరిచి పైన వెతికే చోట AadhaarFaceRD అని కొట్టి, Install నొక్కు. అది దిగాక JeevanPramaan అని కొట్టి, అదీ Install నొక్కు. మొదటిదాన్ని తెరవక్కర్లేదు. దానిలో నువ్వు చేసేదేమీ లేదు, వెనక నుంచి పనిచేస్తుంది. ఎవరైనా వాట్సాప్‌లో జీవన్ ప్రమాణ్ అని ఫైలు పంపితే, చివర .apk అని ఉంటే ముట్టుకోకు. నా పేరుతో వచ్చినా ముట్టుకోకు."

మొదటిదాని గురించి రాసిన ఆ వాక్యం చిన్నదే గాని చాలా అవసరం. ముఖాన్ని ఆధార్‌లోని ఫోటోతో పోల్చే పనికి సాయపడే యాప్ అది. దాన్ని తెరవాలని చూసి, ఏమీ కనబడక, దిగలేదనుకుని తీసేసి మళ్ళీ ఎక్కించేవాళ్ళను నేను ఇద్దరిని చూశాను.

"ఇప్పుడు JeevanPramaan తెరువు. Operator Authentication అని వస్తుంది. ఆపరేటర్ అంటే ఎవరో ఆఫీసు మనిషి కాదు, ఫోన్ పట్టుకుని ఈ పని చేసేవాళ్ళు. అంటే నువ్వే. నీ ఆధార్ నంబరు కార్డు చూసి కొట్టు. నీ ఫోన్ నంబరు కొట్టు. మెయిల్ అడిగిన చోట కింద నేను రాసింది కొట్టు. Submit నొక్కు."

ఈ యాప్‌లో మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఈ 'ఆపరేటర్' దగ్గరే. ఒకే మనిషి ఆపరేటరూ పింఛనుదారూ కావచ్చు. అప్పుడు అదే ఆధార్ నంబరు రెండుసార్లు కొట్టాలి, అదే ముఖం రెండుసార్లు చూపాలి. ఇది తెలియక, చేయించేది కొడుకు కదా అని కొడుకు ఆధార్ నంబరు కొడితే యాప్ ఆ కొడుకు ముఖమే అడుగుతుంది. అతను షార్జాలో ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. ఊళ్ళో ఎవరైనా కుర్రాడు సాయం చేస్తే అతను తన ఆధార్‌తో ఆపరేటరుగా ఉండవచ్చు. అలా ఒకసారి నమోదైన ఫోన్‌లో చాలామంది పెద్దవాళ్ళకు చేసిపెట్టవచ్చు, ఆ మెట్టు ప్రతిసారీ ఎక్కక్కర్లేదు.

"నీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. పైనుంచి ఒక పట్టీలా దిగుతుంది. దాన్ని నొక్కకు. అంకెలు చూసి కాగితం మీద రాసుకుని, అప్పుడు యాప్‌లో కొట్టు. ఆ అంకెలు ఎవరికీ చెప్పకు. నాకూ చెప్పకు. ఈ పనిలో నేను నిన్ను ఓటీపీ అడగను. ఎవరైనా నేనే అంటూ అడిగితే అది నేను కాదు."

ఈ ముక్క చదివి నేను చాలాసేపు ఆగాను. నవంబరు వచ్చేసరికి పింఛనుదారులకు దొంగ ఫోన్లు మొదలవుతాయి. పేరు, పీపీఓ నంబరు, రిటైరైన తేదీ అన్నీ వాళ్ళే చెప్పి, "మీ లైఫ్ సర్టిఫికెట్ మేమే చేసేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటారు. చెప్పామో, ఖాతా ఊడ్చేస్తారు. పింఛను ఆఫీసుగాని బ్యాంకుగాని ఫోన్ చేసి జీవన్ ప్రమాణ్ చేయదు. ఇది ప్రభుత్వం చాలాసార్లు చెప్పిన మాటే. కాని "నాకూ చెప్పకు" అని కొడుకు రాసినంత బలంగా ఏ ప్రకటనా ఉండదు. తల్లి ఓటీపీ చెప్పేది నమ్మకం మీదే కదా.

తర్వాత ముఖం చూపించే మెట్టు. ఇక్కడ సందేశం తడబడింది.

"ఆధార్‌లో ఉన్నట్టే నీ పేరు కొట్టి, చిన్న గడిలో టిక్ పెట్టి, Scan నొక్కు. ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకో. గుండ్రం కనబడుతుంది. నీ ముఖం అందులో ఉండాలి. కళ్ళు ఆర్పమంటుంది, ఆర్పు."

అంతే రాశాడు. ఆమె మూడుసార్లు చేసింది, మూడుసార్లూ కాలేదు. ఆ రోజు వాళ్ళ తమ్ముడు నాకు ఫోన్ చేస్తే నేను వెళ్ళాను. చూస్తే ఆమె వాకిలికి వీపు పెట్టి కూర్చుంది. వెనక కొబ్బరితోట, ఎండ, కెమెరాలో ఆమె ముఖం నల్లటి నీడలా పడుతోంది. కళ్ళజోడు అద్దాల్లో ఫోన్ వెలుతురు మెరుస్తోంది. చున్నీ కనుబొమ్మల దాకా దిగి ఉంది. "ఆపా, ఇటు తిరిగి కూర్చోండి" అన్నాను, వాకిలి ఎదురుగా, వెనక గోడ ఉండేట్టు. కళ్ళజోడు తీయించాను. తల మీద చున్నీ ఉంచవచ్చు, తీయనక్కర్లేదు. నుదురు, గడ్డం, రెండు బుగ్గలు కనబడితే చాలు. ఇది చెప్పగానే ఆమె ముఖంలో నిమ్మళం చూశాను. ఇంతసేపూ చున్నీ తీయాలేమోనని ఆమెకు లోపల భయం. ఆ భయంతోనే ఇంకాస్త కిందికి లాక్కుంది.

ఫోన్‌ను మూరెడు దూరంలో, కళ్ళ ఎత్తులో పట్టుకోవాలి. చెయ్యి వణికితే గ్లాసుకో చెంబుకో ఆనించి నిలబెట్టాలి. గుండ్రం ఆకుపచ్చగా మారాక మామూలుగా, తీరిగ్గా కళ్ళు ఆర్పాలి. చాలామంది ఆర్పమనగానే గబగబా పదిసార్లు ఆర్పుతారు, లేదా గట్టిగా మూసేసుకుంటారు. ఇవన్నీ సరిగా ఉన్నా మళ్ళీ మళ్ళీ కాకపోతే అప్పుడు ఆధార్‌లోని ఫోటోను అనుమానించాలి. పదేళ్ళ కిందటి ఫోటోకూ ఇప్పటి ముఖానికీ పోలిక లేకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్ళి ఫోటో మార్పించుకోక తప్పదు. ఆమెకు అంత అవసరం రాలేదు. నాలుగోసారికి అయింది.

ఆపరేటరు మెట్టు దాటాక పింఛనుదారు మెట్టు. మళ్ళీ ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, మళ్ళీ ఓటీపీ. "ఇందాక చేశాను కదా" అని ఆమె విసుక్కుంది. రెండోసారి కూడా అడుగుతుందని సందేశంలో ముందే ఉంటే ఆ విసుగు ఉండేది కాదు. తర్వాత వచ్చేదే అసలు ఫారం.

"Type of Pension అన్న చోట Service అని కాదు, Family అని పెట్టు. Service అంటే అబ్బా బతికున్నప్పుడు ఆయనకు వచ్చింది. నీది Family. Sanctioning Authority అంటే పింఛను ఇమ్మని ఆర్డరు ఇచ్చినవాళ్ళు. జాబితాలో రైల్వే పేరు వెతికి పెట్టు. Disbursing Agency అంటే డబ్బు వేసేవాళ్ళు, అంటే బ్యాంకు. PPO Number అబ్బా కాగితం మీద పైన ఉంది, ఉన్నది ఉన్నట్టు కొట్టు. Account Number కింద రాశాను, చూసి కొట్టు."

ఇంగ్లీషు మాటను అలాగే ఉంచి, పక్కనే దాని అర్థం తన ఇంటి మాటల్లో చెప్పడం బాగుంది. 'మూడో గడి, నాలుగో గడి' అని లెక్కపెట్టి చెప్పి ఉంటే, యాప్‌లో గడుల వరస మారిన రోజున ఆ లెక్కంతా తప్పేది. తెర మీద కనబడే మాటనే పట్టుకున్నాడు కాబట్టి వరస మారినా ఆమె వెతుక్కోగలదు.

అతను ఒక గడిని మాత్రం వదిలేశాడు. Remarried అని ఉంటుంది, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అని. ఫ్యామిలీ పింఛను తీసుకునేవారిని అడిగే ప్రశ్న అది. నేను పక్కనే ఉన్నాను, ఆమె ఆగిపోయి "ఇదేటి మాస్టారూ?" అంది. చెప్పాను. ఆమె నవ్వాపుకుని No నొక్కింది. తర్వాత కుర్రాణ్ణి అడిగితే, "అమ్మీకి అది ఎలా రాయను సార్" అన్నాడు. అతని సిగ్గు నాకు అర్థమైంది. కాని ఆ గడిలో పొరపాటున Yes పడి ఉంటే ఆ పత్రమే ఆమె పింఛను మీదికి ప్రశ్న తెచ్చేది. విధవ మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మన దీన్‌లో సిగ్గుపడే సంగతి కాదు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ వారిని నికాహ్ చేసుకునేనాటికి విధవే. అడిగింది ప్రభుత్వం, జవాబు ఒక్క మాట. చెప్పడానికి మొహమాటపడిన గడి దగ్గరే నేర్చుకునేవాళ్ళు ఆగిపోతారని నాకు బడిలోనూ అనుభవమే.

మళ్ళీ ముఖం చూపించింది. ఈసారి ఒక్కసారికే అయింది. తెర మీద Pramaan ID వచ్చింది, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఆమె దువా చేసుకుని, షార్జాకు వరసగా నాలుగు బొటనవేళ్ళు పెట్టింది. నేనూ టీ తాగి ఇంటికొచ్చాను. పని అయిపోయిందనే ఇద్దరం అనుకున్నాం.

కొన్నాళ్ళకు ఆమె ఫోన్‌కి ఇంకో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆమె పట్టించుకోలేదు. బాకీ, రీచార్జీ మెసేజ్‌ల మధ్య అదీ ఒకటి అనుకుంది. శుక్రవారం జుమా నమాజు తర్వాత ఆమె తమ్ముడు మాటల్లో చెబితే, ఫోన్ తెప్పించి చూశాను. జీవన్ ప్రమాణ్ పత్రాన్ని డబ్బు చెల్లించే బ్యాంకు తిరస్కరించింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మెసేజే. ముఖం చూపించి Pramaan ID వచ్చిందంటే తేలింది ఒక్కటే, ఈ ఆధార్ నంబరుగల మనిషి ఇవాళ బతికి ఉందని. మిగతా గడుల్లో, అంటే పింఛను రకం, పీపీఓ నంబరు, బ్యాంకు, ఖాతా నంబరు, మనం కొట్టిందే ఉంటుంది. అవి సరైనవో కావో ఆ నిమిషాన యాప్ తేల్చదు. పత్రం మనం పెట్టిన బ్యాంకుకు వెళుతుంది, వాళ్ళు తమ పింఛను లెక్కలతో సరిచూసి ఒప్పుకుంటారు లేదా కాదంటారు. ఒప్పుకున్నాకే పని పూర్తయినట్టు. పాత రోజుల్లో బ్యాంకులో కాగితం ఇస్తే, "ఇది కాదమ్మా మీ ఖాతా" అని గుమస్తా అప్పటికప్పుడే చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట రెండు మూడు రోజులకో వారానికో ఒక ఇంగ్లీషు మెసేజ్‌గా వస్తోంది.

తప్పు ఎక్కడో ఆ రాత్రి దొరికింది. ఆమెకు రెండు పాస్‌బుక్కులు ఉన్నాయి. టెక్కలిలోది పింఛనుది. పలాసలో ఇంకో బ్యాంకుది కొడుకు నెలనెలా డబ్బు పంపడానికి తెరిచింది. కొడుక్కి నోటికొచ్చిన ఖాతా నంబరు ఆ రెండోదే, నెలకోసారి కొడతాడు కదా. సందేశంలో అదే రాశాడు, బ్యాంకు పేరూ దానిదే రాశాడు. తల్లి మాత్రం అంకె పొల్లుపోకుండా కొట్టింది. మూడుసార్లు సరిచూసుకున్నానంది కూడా. పాఠంలో తప్పుంటే, శ్రద్ధగా చదివే విద్యార్థే ఆ తప్పును అంతే శ్రద్ధగా రాస్తాడు.

మొదట్లో నన్ను బాగా ఆకట్టుకున్న వాక్యం "Account Number కింద రాశాను, చూసి కొట్టు" అన్నది. తల్లికి వెతికే శ్రమ తగ్గించాడని మెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే అక్కడే పొరపాటు. ఆధార్ నంబరుకు కార్డు చూడమన్నాడు, పీపీఓకు కాగితం చూడమన్నాడు, ఖాతా నంబరుకు మాత్రం తన జ్ఞాపకాన్ని ఇచ్చాడు. మొదటి రోజు దగ్గర పెట్టుకోమన్న వస్తువుల్లో పాస్‌బుక్కు లేదని కూడా అప్పుడే గమనించాను. పాస్‌బుక్కు చేతిలో ఉండి, "ఏ పుస్తకంలో నెలాఖరున పింఛను పడుతుందో ఆ పుస్తకం తెరిచి చూసి కొట్టు" అని ఉంటే, ఆమెకు తెలియనిదేమీ కాదు. టెక్కలి పుస్తకమే తీసేది.

ఇంకా నవంబరు వెళ్ళలేదు. తిరస్కరించిన పత్రాన్ని దిద్దడం ఉండదు, కొత్తగా మళ్ళీ చేయాలి. ఈసారి ఆపరేటరు మెట్టు అక్కర్లేదు, ఆ ఫోన్‌లో ఆమె నమోదై ఉంది. పింఛనుదారు మెట్టు నుంచి మొదలుపెట్టి, టెక్కలి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాకిలికి ఎదురుగా కూర్చుని ఆమె ఒక్కతే పది నిమిషాల్లో ముగించింది. నేను వెళ్ళలేదు. పత్రం కాపీ కావాలనుకునేవారు Pramaan ID తో https://jeevanpramaan.gov.in నుంచి దించుకోవచ్చు. బ్యాంకుకు మాత్రం ఆ కాగితం పట్టుకెళ్ళక్కర్లేదు, పత్రం తనంత తానే చేరుతుంది.

మన సొసైటీ సాయం అందుకునే ఇళ్ళలో ఇది ఎవరికి వర్తిస్తుందో ఒక మాట చెప్పాలి, లేకపోతే అనవసరపు కంగారు పుడుతుంది. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛనుకు, అంటే వృద్ధాప్య, వితంతు పింఛన్లకూ, మన ఉద్దానంలో డయాలసిస్ రోగులకిచ్చే 10,000 రూపాయలకూ జీవన్ ప్రమాణ్‌తో పనిలేదు. అక్కడ ఇచ్చేటప్పుడే మనిషిని సరిచూసుకుంటారు. ఇది రైల్వే, తపాలా, సైన్యం వంటి కేంద్ర పింఛన్లకు. పీఎఫ్ పింఛనుదారులు ఏడాదిలో ఎప్పుడైనా చేయవచ్చు, చేసిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు, అంటే రేపు నాబోటి మాస్టార్లకు, నవంబరు కాదు, జనవరి, ఫిబ్రవరి నెలలు. ఫోన్ లేనివాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళు తపాలా ఆఫీసులో చెబితే పోస్టుమాన్ పరికరం పట్టుకుని ఇంటికే వచ్చి, కొద్దిపాటి రుసుము తీసుకుని చేసిపెడతాడు.

డిసెంబరు చివరి పనిదినాన ఆమె టెక్కలి ఖాతాలో పింఛను పడింది. ఆ మెసేజ్ కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. ఈసారి ఆమె దాన్ని తుడిచేయకుండా తమ్ముడి చేత చదివించుకుంది.

కుర్రాడు వచ్చే ఏటికని సందేశాన్ని తిరగరాసి, చూసి పెట్టమని నాకు పంపాడు. దగ్గర పెట్టుకోవలసిన వస్తువుల్లో "టెక్కలి పాస్‌బుక్కు, పలాసది కాదు" అని చేర్చాడు. ముఖం మెట్టులో "వాకిలికి ఎదురుగా కూర్చో, కళ్ళజోడు తియ్యి, చున్నీ తలమీదే ఉండనీ" అని ఉంది. అన్నిటికన్నా చివర, "ID వచ్చాక పని అయిపోలేదు అమ్మీ. బ్యాంకు ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చేదాకా ఏ ఇంగ్లీషు మెసేజూ తుడవకు, ఫోటో తీసి నాకు పంపు. ఓటీపీ మెసేజ్ మాత్రం పంపకు" అని రాశాడు. Remarried గడి దగ్గర మాత్రం "ఇక్కడ No పెట్టు. ఎందుకో మాస్టారు చెప్పారు కదా" అని ఊరుకున్నాడు. అంతవరకు నేను దిద్దలేదు.